పదివేల ఇళ్ళ లెక్క

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడపడుచు. ఆమెది విస్సన్నపేట. మామిడి సీజన్లో మంగళవారం మంగళవారం వచ్చి, సాయంత్రం దాకా నాతో పాటు పెట్టెలు కట్టి వెళ్తుంది. ఆ మంగళవారం చెప్పులు విడవకుండానే వసారాలోకి వచ్చేసింది. నేను అట్టపెట్టెల్లో వరిగడ్డి పరుస్తున్నాను.

"వదినా, మన యాడ్ ఆపమన్నారంట. పదివేల ఇళ్ళు ఎక్కడున్నాయో చూపించమని ఎవరో కంప్లయింట్ పెట్టారంట. పెద్దన్నయ్య పొద్దున్నే మా ఆయనకి ఫోన్ చేసి ఒకటే అరుపులు."

"చూపిస్తే సరిపోతుందిగా," అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

"చూపించడం తర్వాత సంగతి. ఆ రాసినావిడ ఉద్యోగం పోతుందంట. ఆఫీసులో నిన్నట్నుంచి ఆవిడకి పని చెప్పట్లేదు."

చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. ఆ పదివేలు ఆమె సొంతంగా రాసినవి కావు. నేను చెప్పినవి.

మాది నూజివీడు. మా అత్తవారిది మామిడి వ్యాపారం. మావగారు పోయి మూడేళ్ళయింది. ఆయన ఉన్నప్పుడు పెట్టెలు బస్సు పార్సిల్లో హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళేవి. ఇప్పుడూ అలాగే వెళ్తున్నాయి. తేడా ఏమిటంటే, అప్పుడు కొనేవాళ్ళు ఒకరి నోట ఒకరు విని ఫోన్ చేసేవారు. ఇప్పుడు ఫోన్లో చూసి చేస్తున్నారు. మా బావగారు, అంటే మా వారి అన్నగారు, ఈ సంవత్సరం ఫోన్లో ప్రకటన వేయాలన్నారు. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు మీద ఒక చిన్న ప్రకటనల ఆఫీసు ఉంది. అక్కడ రాసే ఆవిడ ఆగిరిపల్లి నుంచి స్కూటీ మీద వస్తుంది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. ఇద్దరు ఆడపిల్లలు. భర్త తోటలు కౌలుకు తీసుకుని రెండేళ్ళు వరసగా పూత పోగొట్టుకున్నాడు. ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోంది. ఇవన్నీ ఆమె చెప్పుకోలేదు. ఆగిరిపల్లి నుంచి మా తోటకి కోతకు వచ్చే ఆడవాళ్ళు చెప్పారు.

మార్చిలో మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నేను దేవుడి గదిలో ఉన్నాను. ఆమె గుమ్మం బయట నిలబడి, నేను హారతి ఇచ్చేదాకా మాట్లాడలేదు. హారతి కళ్ళకద్దుకుని, తీర్థం తీసుకుని, తర్వాతే సంచిలోంచి పుస్తకం తీసింది. అలా ఆగే వాళ్ళంటే నాకు మొదటి నుంచీ గౌరవం.

"అక్కా, మాకు జాగా చాలా తక్కువ. పైన లైనుకి ముప్పై అక్షరాలు. కింద తొంభై. ఖాళీ వదిలిన చోటు కూడా అక్షరం కిందే లెక్క. అందులో మీ కాయ గురించి చెప్పాలి, మిమ్మల్ని ఎందుకు నమ్మాలో కూడా చెప్పాలి," అంది.

"నమ్మడానికి ఏముందమ్మా, కాయ తింటే తెలుస్తుంది."

"తినకముందు నమ్మాలి కదక్కా. అందుకే అందరూ అంకె వేస్తారు. ఇంతమంది కొన్నారు, ఇన్ని స్టార్లు ఇచ్చారు అని. అంకె కనపడితే చూసేవాళ్ళ వేలు ఆగుతుంది. కాకపోతే ఆ అంకె ఎవరైనా వచ్చి అడిగితే చూపించగలగాలి."

ఆమె పుస్తకంలో అచ్చు వేయించిన కాగితాలు ఉన్నాయి. ప్రకటనలో వేసే ప్రతి అంకెకీ ఒక కాగితం. అంకె ఏమిటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా లెక్క, ఎవరు లెక్కపెట్టారు, ఆధారం ఎక్కడ ఉంది, కింద సంతకం. ఆ కాగితం నిండిన తర్వాతే ప్రకటన బయటికి వెళ్ళాలట. వెళ్ళాక రాసిన కాగితం కాగితం కాదట. ఆఫీసులో అందరూ ఇలా చేస్తారా అంటే నవ్వింది.

"నేనొక్కదాన్నే అక్కా. మా సారు దీన్ని నా పిచ్చి అంటారు."

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు మూడేళ్ళు జబ్బుగా మంచం మీద ఉన్నాను. లేచేసరికి నా ఈడు పిల్లలు పై తరగతులకు వెళ్ళిపోయారు. నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. భాగవతం చదివించారు, ఉత్తరాలు రాయించారు, ఎక్కాలు ఇరవై దాకా నోటికి రప్పించారు. ఆ రుణం నేను తీర్చుకోలేను. నోటి లెక్క నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక. పెళ్ళయి వచ్చాక మావగారు దానికి ముచ్చటపడి లెక్కల పుస్తకాలు నా చేతికిచ్చారు. నాకున్న గర్వం అదొక్కటే. గర్వం అని అప్పుడు అనుకోలేదు.

ఆ రోజు ఆమె నాకు చాలా చెప్పింది. పెట్టెలు వేరు, మనుషులు వేరు అంది. "ఒకావిడ ఆరేళ్ళ నుంచి ఏటా ఒక పెట్టె తెప్పించుకుంటోంది అనుకోండి. కస్టమర్లు ఆరుగురా, ఒక్కరా?"

"ఒక్కరే."

"చూశారా, మీకు తెలుసు. చాలామంది ఆరు అంటారు."

రేటింగు గురించి కూడా అడిగింది. బావగారు తెలివిగా ఫోన్ తీసి 4.9 చూపించారు. ఆమె దాన్ని కిందికి జరిపి చూసి, "ఇచ్చినవాళ్ళు ఇరవై మూడు మందే ఉన్నారండీ," అంది.

"ఎంతమంది అయితే ఏంటమ్మా, స్టార్లు స్టార్లే కదా!"

"ఇందులో సగం ఒకే వారంలో వచ్చినట్టున్నాయి?"

బావగారు నవ్వేశారు. ముందటేడు యూనివర్సిటీ గేటు దగ్గర బండి పెట్టి, అయిదు స్టార్లు కొట్టినవాళ్ళకి ఒక రసం కాయ ఊరికే ఇచ్చారు. పిల్లలు కాయ చీక్కుంటూ స్టార్లు కొట్టి వెళ్ళారు. ఆ మాట ఆయన ఘనంగా చెప్పుకున్నారు.

"కాయ ఇచ్చి తీసుకున్న స్టార్లు లెక్కలోకి రావండీ," అంది ఆమె మెల్లగా. "ఇంకోటి, రేటింగు పాలలాంటిది. నిన్నటిది ఇవాళ తాజా అని అమ్మకూడదు. వేస్తే ఎంతమంది ఇచ్చారో, ఏ నెల నాటికో పక్కన వేయాలి. అంత జాగా లేకపోతే అసలు వేయకూడదు."

"మీరు యాడ్ రాయడానికి వచ్చారా, తద్దినం పెట్టడానికి వచ్చారా?" అన్నారు బావగారు. ఆమె కూడా నవ్వింది. కానీ పుస్తకం మూయలేదు.

ఏప్రిల్ చివర కాయ తెగింది. మొదటి లోడు వెళ్ళే రోజు నాకు బాగా గుర్తు. వసారా నిండా పెట్టెలు. బావగారు హమాలీల మీద కేకలు. అప్పుడు ఆమె ఫోన్ చేసింది. ప్రకటన ఆ సాయంత్రమే వెళ్ళాలట, కస్టమర్ల అంకె ఒకటే మిగిలిందట.

నేను బావగారి వైపు చూశాను. ఆయన చెయ్యి ఊపి, "నాన్న లెక్క ఉందిగా. పెట్టెకి అయిదిళ్ళు. చెప్పెయ్యమ్మా," అన్నారు.

మావగారి లెక్క గురించి చెప్పాలి. తోటలో ఆయన కాయలు అయిదేసి చొప్పున లెక్కపెట్టేవారు. కుప్ప దగ్గర కూర్చుని మొదటి అయిదుకి ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, ప్రతి అయిదుకీ పుస్తకంలో ఒక గీత. పట్నం పెట్టెలకి కూడా ఆయన చేతికి అదే అలవాటు వచ్చింది. మా పెట్టెలు విడిగా ఒక్కో ఇంటికి వెళ్ళేవి తక్కువ. ఒక అపార్ట్‌మెంటులో ఒకరు దింపించుకుంటారు, అక్కడ పంచుకుంటారు. అందుకని ఆయన "ఒక పెట్టె, అయిదిళ్ళు" అనేవారు. పెట్టెకో గీత. గీత అంటే అయిదు. కాయలకి అయిదు అయినట్టే, ఇళ్ళకీ అయిదు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ అదేమిటని అడగలేదు. బయట వాళ్ళకి వింతగా ఉంటుంది కానీ మాకది ఎక్కం లాంటిది.

ఆరు సీజన్ల గీతలు నాకు నోటికి వచ్చు. రెండు వేల చిల్లర. అయిదు పెట్టి హెచ్చించడానికి నాకు క్షణం పట్టలేదు.

"పదివేల పైన," అన్నాను.

ఆమె మళ్ళీ అడిగింది. "పదివేల ఇళ్ళా అక్కా? ఒకే ఇంటిని రెండు మూడుసార్లు లెక్కపెట్టలేదుగా?"

మార్చిలో ఆమె అడిగిన ఆరేళ్ళ పెట్టె ప్రశ్నకి ఠక్కున జవాబు చెప్పినదాన్ని. అదే ప్రశ్న మళ్ళీ అడిగితే నాకు గుర్తుకు రాలేదు. ఆ క్షణంలో నా కళ్ళ ముందు మావగారి గీతలు ఉన్నాయి, మనుషులు లేరు. "మావగారి లెక్కమ్మా. ఆయన లెక్కలో తప్పు ఉండదు," అన్నాను.

"మీరు పొద్దున్నే దీపం పెట్టుకుని అబద్ధం ఆడే మనిషి కాదు. మీరంటే చాలు. కాగితం నేను రాసి పెడతాను, రేపొచ్చి సంతకం తీసుకుంటా."

నా మీద ఆమెకున్న ఆ నమ్మకానికి అప్పుడు నా మనసు ఎంత పొంగిందో చెప్పలేను. ఆ సాయంత్రం స్వామికి ప్రత్యేకంగా దణ్ణం పెట్టుకున్నాను. రేపు అన్న రోజు ఆమె పాపకి జ్వరం వచ్చింది. ఆ తర్వాత సీజన్ పనిలో ఆమె రాలేదు, నేను పిలవలేదు. కాగితం మీద సంతకం చోటు ఖాళీగా ఉండిపోయింది.

ప్రకటన వెళ్ళింది. "10,000+ ఇళ్ళ నమ్మకం. 4.9 రేటింగ్." బావగారి పట్టు మీద వేసిన రేటింగు పక్కన ఆమె పెట్టిన నెల, మనుషుల అంకె ఆఫీసు యజమాని తీసేశాడు. జాగా చాలలేదట. ఆమె ఒద్దందట. "ఊళ్ళో అందరూ వేసుకుంటున్నారు, మనకే ఎందుకు ఈ మడి?" అన్నాడట.

మే నెల రెండో వారంలో మూడు రోజులు వాన పట్టింది. కొన్ని పెట్టెలు దారిలో కుళ్ళాయి. కోపంతో కొందరు ఒక్కో స్టారు ఇచ్చారు. వాళ్ళ డబ్బులు బావగారు తిరిగిచ్చారు, ఆ మంచి ఆయనలో ఉంది. కానీ ప్రకటనలో 4.9 అలాగే ఉంది. ఎవరూ తీయమని చెప్పలేదు. ఫోన్లో పేజీ తెరిస్తే అరవై ఒక్క మంది ఇచ్చిన 4.3 కనపడుతోంది. చూసినవాళ్ళు ఎవరో ఆ రెండూ పక్కపక్కన పెట్టి, ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే సంస్థకి రాశారు. పదివేల ఇళ్ళకి ఆధారం ఏమిటి, రేటింగు ఏ రోజుది, పది రోజుల్లో చూపించండి అని ఆ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. మా ఆడపడుచు తెచ్చిన కబురు ఇదీ.

ఆ మధ్యాహ్నమే బీరువా మీది మూట దింపాను. ఆరేళ్ళ పుస్తకాలు, ఆరేళ్ళ బస్సు పార్సిల్ రసీదులు. మా ఆడపడుచు పేర్లు చదువుతుంటే నేను రాసుకున్నాను. మొదట ఒకే ఫోన్ నంబరు రెండోసారి వస్తే కొట్టేశాం. మా చుట్టాల నంబర్లు తీసేశాం. ఊరికే పంపినవి తీసేశాం. ఇవన్నీ ఆమె మార్చిలో చెప్పినవే. పుస్తకాల్లో పేజీలు తిరుగుతున్న కొద్దీ అవే నంబర్లు. ఒకే కాలనీ, ఒకే పేరు, ఆరేళ్ళు.

"వదినా, ఈ కూకట్‌పల్లి ఆవిడ ఒక్కత్తే మనకి ఎనిమిది వందల ఇళ్ళు అయ్యింది," అంది మా ఆడపడుచు. నవ్వాలనుకుంది కానీ నా మొహం చూసి ఆగిపోయింది.

ఆఖరికి నాలుగు వందల పన్నెండు నంబర్లు మిగిలాయి.

సరే, ఆ నాలుగు వందల పన్నెండన్నా చూపిద్దామని రసీదులు విప్పాం. పాత కట్టలు విప్పితే తెల్ల కాగితాలు. బస్సు పార్సిల్ రసీదు మెషిన్లో వేడికి అచ్చయ్యే కాగితం. ఏడాది రెండేళ్ళకి దాని మీద అక్షరం ఎగిరిపోతుంది. వెలుతురుకి ఎత్తి చూశాను. పసుపు రాసి చూద్దామా అంది మా ఆడపడుచు. రాశాం కూడా. ఏమీ రాలేదు. నాలుగేళ్ళ కాగితాలు అలా శుభ్రంగా, ఏ పాపం ఎరగనట్టు తెల్లగా ఉన్నాయి. అక్షరం ఉన్నవి గత రెండు సీజన్లవే. వాటి లెక్క రెండు వందల ముప్పై ఒకటి.

ఒక పెట్టెని అయిదిళ్ళ వాళ్ళు పంచుకున్నారన్న మాటైనా నిజమని తేలితే బాగుండునని ఆ కూకట్‌పల్లి ఆవిడకి ఫోన్ చేశాను.

"అయ్యో, పంచుతానండీ! ప్రతి ఏడాదీ పంచుతా. మీ రసాలంటే మా బ్లాకులో కొట్టుకుంటారు," అంది.

"ఎవరెవరికి పంచారో కొంచెం చెప్తారాండీ? పేర్లు ఉంటే చాలు."

"పేర్లా? కింద టేబుల్ మీద పెడితే వచ్చి తీసుకుపోతారండీ. కొందరు ఇల్లు మారిపోయారు. ఎందుకు, ఏమైనా సమస్యా?"

ఏం లేదండీ, చల్లగా ఉండండి అని పెట్టేశాను. మా కాయ తిన్నవాళ్ళు ఉన్నారు. ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ నోటి తీపి నిజం. కానీ వాళ్ళని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అంతసేపు దేవుడి గది గుమ్మంలో కూర్చుని ఉన్నాను, లోపలికి వెళ్ళలేకపోయాను.

మర్నాడు ఆఫీసులో కూర్చోబెట్టారు. యజమాని, బావగారు, మా వారు, నేను. ఆమె ఒక పక్కన నిలబడి ఉంది. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

"ఆధారం లేని అంకె నేను బయటికి పంపను అనేది ఈవిడే కదండీ రోజూ," అన్నాడు యజమాని. "మరి ఈ కాగితం మీద సంతకం ఏది? రూల్ పెట్టింది తను, తప్పింది తను. నేను ఆ సంస్థకి ఏం చెప్పను?"

"మేము పదివేలు వేయమని ఎక్కడ రాసిచ్చాం?" అన్నారు బావగారు. నా వైపు చూడలేదు.

"నేను చెప్పాను," అన్నాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. మళ్ళీ అన్నాను. "ఫోన్లో నేనే చెప్పాను. ఆమె రెండుసార్లు అడిగింది. నేనే తప్పు చెప్పాను."

బావగారు, "నువ్వు ఊరుకోమ్మా, ఆడవాళ్ళ మాటలు పెట్టకు ఇందులో," అన్నారు. మా వారు నేల చూస్తున్నారు. ఆయన అన్నగారికి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆయన్ని నేను తప్పు పట్టను.

నేను ముందే రాసి తెచ్చిన ఉత్తరం యజమానికి ఇచ్చాను. అంకె నేను చెప్పాను, లెక్క ఇలా కట్టాను, ఇలా తప్పాను, ఆమె అడిగింది, నేను ఒట్టి నోటితో భరోసా ఇచ్చాను అని తేదీతో సహా రాసి సంతకం పెట్టాను. ఆయన చదివాడు. మర్యాదగానే మడిచి తిరిగి ఇచ్చాడు.

"మేడమ్, మీ మంచితనం మీది. కానీ దీని మీద తేదీ నిన్నటిది. యాడ్ వెళ్ళింది ఏప్రిల్లో. ముందు ఉండాల్సిన కాగితం ఇది. ఇప్పుడు ఇది దేనికీ పనికి రాదు."

ఆ మాట ఆయన ఆమె దగ్గర నేర్చుకున్నదే. వెళ్ళాక రాసిన కాగితం కాగితం కాదు.

"మరి ఆమె వేసిన నెల మీరు తీసేశారు కదండీ?" అన్నాను. అంత మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆఫీసు నాది మేడమ్," అన్నాడు.

ఆమె అప్పుడు ఒక్కసారి మాట్లాడింది. "రేటింగు తీసేసి, రెండు సీజన్లకి రసీదులు ఎన్ని ఉన్నాయో అంత వరకే వేస్తే, సవరించాం అని రాసి పంపొచ్చు సార్. ఆ సంస్థ వాళ్ళు అడిగేది చూపించండి, లేదా మార్చండి, లేదా ఆపండి అనే. లెక్క అక్క దగ్గర ఉంటుంది." నా వైపు తిరిగి, "ఎంత వచ్చిందక్కా?" అంది.

"రెండు వందల ముప్పై ఒకటి."

తలాడించి రాసుకుంది. అక్కడే నిలబడి, గోడకి పుస్తకం ఆనించి కొత్త లైను కట్టింది. "గత రెండు సీజన్లలో 231 మంది కొన్నారు." వేళ్ళతో అక్షరాలు లెక్కపెట్టి చూసుకుంది. పైన లైనులో పట్టలేదు, కింద పెట్టింది. రసీదుల ఫోటోలు ఒకచోట పెట్టమంది, ఫోన్ నంబర్లు, పేర్లు కనపడకుండా మూసి. లెక్క తేదీ వేసింది. కాగితం నింపి నా ముందు పెట్టి, "ఇక్కడ సంతకం అక్కా," అంది. పెట్టాను. ఆ ఆఫీసులో ఆమె చేసిన ఆఖరి పని అది. సాయంత్రానికి ఆమెని రావద్దన్నారు.

ఆ సవరణ ఒప్పుకున్నారు. ఫిర్యాదు అంతటితో ముగిసింది. మా వ్యాపారానికి ఏమీ కాలేదు. ఇంకా చెప్పాలంటే రెండు వందల ముప్పై ఒకటి అన్న అంకె చూసి నవ్వు వచ్చి ఫోన్ చేశామని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. "మరీ ఇంత కరెక్టుగా ఎవరు చెప్తారండీ!" అన్నాడు ఒకాయన. బావగారు ఇప్పుడు ఆ అంకె తన ఆలోచనే అన్నట్టు చెప్పుకుంటున్నారు. స్వామి దయ వల్ల మా పొయ్యి ఆరలేదు. ఆ దయకి రోజూ దణ్ణం పెడుతూనే ఉన్నాను. కానీ దణ్ణం పెట్టిన చేతులు ప్రతిసారీ ఒక క్షణం ఎక్కువ అక్కడే ఆగుతున్నాయి.

ఆమె కోసం నేను ఏం చేయగలిగాను? ఏమీ లేదు. బావగారిని మా దగ్గరే పని ఇవ్వమన్నాను. "తద్దినం మనిషిని ఇంట్లో పెట్టుకుంటామా?" అన్నారు. ఇంకో ఆఫీసుకి చెప్పమని మా వారిని అడిగాను. చెప్పానన్నారు. అప్పటికే ఆధారం లేకుండా రాసిన మనిషని ఆమె గురించి ఊరంతా తెలిసిపోయింది. ఆధారం అన్న మాట ఈ ఊళ్ళో ఆమె తప్ప ఎవరూ ఎత్తి ఎరగరు.

నేను ఆగిరిపల్లి వెళ్ళాను. వాళ్ళ ఇంటి ముందు స్కూటీ లేదు, అమ్మేశారట. ఆమె తోటలో గ్రేడింగుకి వెళ్తోందని పక్కింటి వాళ్ళు చెప్పారు. వెళ్తే కాయల కుప్ప దగ్గర కూర్చుని ఉంది. మచ్చ ఉన్నది ఒక పక్క, లేనిది ఒక పక్క. చేతులకి సొన అంటి నల్లబడ్డాయి.

"అయ్యో, ఇంత దూరం ఎందుకొచ్చారక్కా ఎండలో!" అని లేచింది. నీళ్ళు ఇచ్చింది.

నేను క్షమించమ్మా అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అనేటప్పుడు తెలిసింది.

"మీరు కావాలని చేశారా ఏంటి? కాగితం లేకుండా పంపింది నేను. మిమ్మల్ని చూసి పంపాను." తనే మళ్ళీ అంది, "అక్కా, నేను అందరికీ చెప్పేదాన్ని, ఎంత మంచివాళ్ళు చెప్పినా అంకెకి కాగితం ఉండాలని. మీ దగ్గర మర్చిపోయాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. నా భక్తి ఆమెకి ఆధారం అయింది. నేను దేవుడి ముందు ఎంత సేపు కూర్చున్నా, నా లెక్కలో ఒకే ఇల్లు ఆరుసార్లు పడకుండా ఆపలేదు కదా! ఆ సంగతి ఆమెకి తెలుసు. నాకే తెలియలేదు.

వచ్చేటప్పుడు సంచిలోంచి తన పుస్తకంలో మిగిలిన ఖాళీ కాగితాలు తీసి ఇచ్చింది. "నాకు ఇక్కడ వీటితో పని లేదు. మీరు వాడుకోండి," అంది. పిల్లల చేతిలో పెట్టమని తెచ్చిన తాండ్ర పొట్లం ఆమె తీసుకుంది. ఇంకేమీ తీసుకోలేదు.

ఆ కాగితాలు ఇప్పుడు నా దేవుడి గదిలో ఉన్నాయి. సీజన్ అయిపోయిన వారం ఒకటి తీసి నింపుతాను. ఎంతమంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరు లెక్కపెట్టారు, ఆధారం ఎక్కడ ఉంది. రసీదు వచ్చిన రోజే ఫోటో తీసి పెడుతున్నాను, అక్షరం ఎగిరిపోకముందే. ఒక నంబరు ఒక్కసారే రాస్తున్నాను. రేటింగు వేయడం మానేశాం. ఇవన్నీ ఆమె చెప్పినప్పుడే చేసి ఉండవలసింది. ఇప్పుడు ఎంత జాగ్రత్తగా చేసినా, అది ఆమె దాకా చేరదు.

ఆమె పేరు రాయలేదు. రాయొద్దని ఆమే అంది, మళ్ళీ ఎక్కడైనా పని అడగాల్సి వస్తే అడ్డం వస్తుందని. మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే. ఫోన్లో ఎప్పుడైనా మా రసాల ప్రకటన లాంటిది చూసి, ఇంతమంది కొన్నారు, ఇన్ని స్టార్లు అని కనిపించి మీ వేలు ఆగితే, ఆ ఆగిన కాసేపు ఆగిరిపల్లి తోటలో కాయలు వేరు చేస్తున్న ఆవిడని తలుచుకోండి. ఆ అంకెని రెండోసారి అడిగిన మనిషి ఆమె. మీరు తలుచుకున్నారని ఆమెకి తెలియకపోయినా ఫరవాలేదు. తలుచుకోండి.